మా తాతయ్యకి వినిపించని గీతలు

పోయిన సంక్రాంతికి మా పెదనాన్న గారి అబ్బాయి వంశవృక్షం గీశాడు. చార్ట్ పేపర్ మీద, స్కెచ్ పెన్నులతో, నిజంగా బాగా గీశాడు. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే ఒక్క పూటలో నలభై దండాలు, హార్ట్ ఎమోజీలు. ఒక్క తాతయ్యకి మాత్రం అది అందలేదు. గ్లకోమా వల్ల ఆయనకి చూపు పోయి మూడేళ్లయింది. ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ వింటారు. ఆ ఫొటో మీద వేలు పెడితే ఫోన్ "ఫొటో" అని చెప్పి ఊరుకుంది. చార్టులో సగం మంది గురించి చెప్పిందే ఆయన.

సరే, సీఎస్ఈ వాడిని కదా, ట్రీ అంటే మనకి కొట్టిన పిండే అనుకున్నాను. పది నిమిషాల్లో టైప్ చేసి పంపాను. తండ్రి పేరు, పక్కనే ఇద్దరు భార్యల పేర్లు, కింద కొంచెం జరిపి ఆరుగురు పిల్లలు. తాతయ్య విని ఫోన్ చేశారు.

"ఒరేయ్, మా పెద్దక్కని మా అమ్మకి పుట్టించావేంట్రా?"

పెద్దక్క మొదటి భార్య బిడ్డ. ఆ మొదటావిడ కాన్పులోనే పోయింది. చార్టులో ఆవిడ పెట్టె నుంచి పెద్దక్కకి స్పష్టంగా గీత ఉంది. నా జాబితాలో పేర్లన్నీ ఉన్నాయి, ఆ గీత లేదు. ఆవిడకి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క గుర్తుని నేను పది నిమిషాల్లో చెరిపేశాను.

అందుకే నా అభిప్రాయం ఇది. వంశవృక్షం బొమ్మని టెక్స్ట్‌గా రాయడమంటే పేర్లు ఎక్కించడం కాదు, గీతలు ఎక్కించడం. పైగా వంశవృక్షం అసలు ట్రీ కాదు. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో చెప్పిన ట్రీలో ప్రతి నోడ్‌కి ఒకే పేరెంట్. మనిషికి ఇద్దరు. పెంచినవాళ్లు వేరే ఉంటే ముగ్గురు, నలుగురు. ఇక మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో పై నుంచి విడిపోయిన కొమ్మలు కింద మళ్లీ కలుస్తాయి.

మా ఇంటి పేర్లు ఇక్కడ పెడితే మా చెల్లి ఊరుకోదు. కాబట్టి అందరికీ తెలిసిన ఇల్లు తీసుకుందాం. మన క్లబ్‌లో 'మాయాబజార్' (1957) వేసిన రోజు గోడకి అంటించిన చార్టు గుర్తుందా? శూరసేనుడి నుంచి అభిమన్యుడు, శశిరేఖ దాకా. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు, అది మన జానపదుల కథ, ఆ గొడవ ఇప్పుడు వద్దు. ఆ చార్టులో 16 పెట్టెలు ఉన్నాయి. జంటల్ని కలిపే అడ్డగీతలు 7, కన్న బిడ్డలకి దిగే గీతలు 8, పెంపకానికి వేసిన చుక్కల గీతలు 2. మొత్తం 17.

ఇప్పుడు ఆలోచించండి. 16 మందిని ఒకరి కింద ఒకరిని జరుపుతూ జాబితా రాస్తే పట్టే గీతలు 15 మాత్రమే, ఎందుకంటే మొదటివాడు తప్ప ప్రతివాడూ ఎవరో ఒకరికి మాత్రమే వేలాడతాడు. మనకి 17 ఉన్నాయి. ఆ మిగిలిన రెండూ ఏవో తెలుసా? అర్జునుడు–సుభద్ర పెళ్లి, అభిమన్యుడు–శశిరేఖ పెళ్లి. అంటే రెండు మేనరికాలు. జాబితాలో ఇమడనివి సరిగ్గా అవే. వాటికి విడిగా దారి చూపాలి. నేను రాసింది ఇలా వచ్చింది.

```
0 శూరసేనుడు, మ1
  1 సంతానం: వసుదేవుడు, మ2
    2 భార్య: రోహిణి, మ3
      3 సంతానం: బలరాముడు, మ4
        4 భార్య: రేవతి, మ5
          5 సంతానం: శశిరేఖ, మ6
            6 భర్త: అభిమన్యుడు, చూడు మ16
    2 సంతానం, తల్లి గీత లేదు: సుభద్ర, మ7
      3 భర్త: అర్జునుడు, చూడు మ15
  1 సంతానం: కుంతి, మ8
    2 పెంచిన తండ్రి: కుంతిభోజుడు, మ9
    2 పెళ్లి కాని జత: సూర్యుడు, మ10
      3 సంతానం: కర్ణుడు, మ11
        4 పెంచిన తండ్రి: అధిరథుడు, మ12
          5 భార్య, పెంచిన తల్లి: రాధ, మ13
    2 భర్త: పాండురాజు, మ14
      3 సంతానం: అర్జునుడు, మ15
        4 భార్య: సుభద్ర, చూడు మ7
          5 సంతానం: అభిమన్యుడు, మ16
            6 భార్య: శశిరేఖ, చూడు మ6
```

ముందు గమనించాల్సింది, పిల్లలు తండ్రి కింద లేరు, జంట కింద ఉన్నారు. కర్ణుడు కుంతి–సూర్యుల జత కింద, అర్జునుడు కుంతి–పాండురాజుల జత కింద. ఇద్దరినీ నేరుగా కుంతి కింద పెట్టేస్తే నేను మా పెద్దక్క విషయంలో చేసిన తప్పే ఇక్కడా జరుగుతుంది. ఇదేం నా తెలివి కాదు. వంశవృక్షం సాఫ్ట్‌వేర్లు 1980ల నుంచి వాడుతున్న జెడ్‌కామ్ అనే ఫైల్ ఫార్మాట్‌లో మనిషికి ఒక `INDI` రికార్డు ఉంటే, జంటకి విడిగా ఒక `FAM` రికార్డు ఉంటుంది. పిల్లల రికార్డులకి పాయింటర్లు ఆ జంట రికార్డులోకి వెళ్తాయి. నాకు ఇది ముందే తెలిసుంటే తాతయ్య దగ్గర పరువు దక్కేది.

రెండోది ఆ మ1, మ2 నంబర్లు. మ అంటే మనిషి. ఇక్కడ పేర్లన్నీ వేరు కాబట్టి నంబర్లు అనవసరం అనిపిస్తుంది. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతాం కదా. మా ఇంట్లో ఒకే పేరు ముగ్గురికి ఉంది. "చూడు" అని పేరు మాత్రమే రాస్తే ఏ తరం వాడిని చూడాలి? ప్రతి మనిషి పూర్తి వివరం ఒక్క చోటే రాసి, రెండో చోట నంబరుతో పాయింటర్ వేయాలి. సుభద్రని రెండు చోట్లా పూర్తిగా రాస్తే వినేవాళ్లు ఇద్దరు సుభద్రలు అనుకుంటారు, అభిమన్యుడు కూడా రెండుసార్లు పుడతాడు.

మూడోది లైన్ మొదట్లో ఉన్న అంకె. ఇది తాతయ్య నేర్పిన పాఠం. నేను ఎంత ముచ్చటగా స్పేస్‌లు కొట్టి జరిపినా టాక్‌బ్యాక్ స్పేస్‌లని చదవదు. కంటికి మెట్లలా కనిపించేది చెవికి చదునుగా పోతుంది. కొన్ని చోట్ల పేస్ట్ చేస్తే మొదటి స్పేస్‌లు అసలే మాయమవుతాయి. అంకె ఉంటే స్పేస్‌లు పోయినా అమరిక పోదు. జెడ్‌కామ్ కూడా స్పేస్‌ల మీద ఆధారపడదు, ప్రతి లైన్ ముందు అంకె పెడుతుంది. ఒక్క జాగ్రత్త: ఆ అంకె తరం సంఖ్య కాదు, ఎందుకంటే జంట కూడా ఒక మెట్టు తింటుంది. తరం కావాలంటే దారిలో "సంతానం" అన్న మాటలు లెక్కపెట్టుకోవాలి. శూరసేనుడి నుంచి శశిరేఖకి మూడు, అభిమన్యుడికీ మూడే.

కన్న గీత, పెంచిన గీత వేర్వేరు మాటలతో రాయడం గురించి మా రూమ్మేట్‌తో అరగంట వాదన జరిగింది. "చుక్కల గీత డిజైన్ కోసం రా, తండ్రి తండ్రే" అంటాడు. వాడి మనసు మంచిదే. కానీ కుంతిని చూడండి. శూరసేనుడి గీత తీసేసి కుంతిభోజుడి గీత ఒక్కటే ఉంచితే కుంతి వసుదేవుడికి తోబుట్టువు కాకుండా పోతుంది. అప్పుడు సుభద్ర అర్జునుడికి మేనమామ కూతురు కాదు, ఎవరో పరాయి పిల్ల. ఒక్క గీత పోతే రెండు తరాల కింద వరసలు మారిపోతాయి. అటు అధిరథుడి గీత తీసేస్తే రాధేయుడు అన్న పేరుకే అర్థం ఉండదు. రెండూ ఉండాలి, ఏది ఏదో తెలియాలి.

"తల్లి గీత లేదు" అన్న మాట చూసి ఇంకొకరు నవ్వారు. సుభద్ర తల్లి ఎవరో గూగుల్ చేసి రాసేయొచ్చు కదా అని. అక్కడే ఆగాలి. ఆ చార్టులో గీత వసుదేవుడి పెట్టె నుంచి మాత్రమే దిగింది. భాగవతంలో ఆవిడ దేవకి కూతురు, ఇంకోచోట రోహిణి కూతురు. పక్కనే రోహిణి పెట్టె ఉంది కదా అని ఆవిడ కింద తోసేస్తే, చార్టు గీసినవాళ్లు అనని మాటని నేను వాళ్ల నోట్లో పెట్టినట్టు. అలాగే అర్జునుడికి ఇంద్రుడి గీత చార్టులో లేదు, నేనూ కలపలేదు. చార్టు తప్పయినా, అసంపూర్తిగా ఉన్నా, ఎత్తి రాసేవాడి పని ఎత్తి రాయడమే.

అంతా రాశాక సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి లెక్క ఉంది. జాబితాలో 20 లైన్లు. అందులో "చూడు" ఉన్నవి 4. తీసేస్తే 16, అంటే పెట్టెలన్నీ వచ్చాయి. గీతల కోసం మొదటి లైన్ వదిలేస్తే 19. రెండు మేనరికాలనీ రెండు వైపుల నుంచీ రాశాం కాబట్టి 2 తీసేయాలి. 17. తేడా వస్తే ఏదో గీత జారిపోయినట్టు. లెక్క కుదిరినా గీత తప్పు మనిషికి తగిలించి ఉండొచ్చు, దాన్ని ఈ లెక్క పట్టుకోదు. అందుకని చార్టు ప్రింట్ తీసి, ఒకరు జాబితా చదువుతుంటే ఇంకొకరు ఒక్కో గీత మీద పెన్సిల్‌తో టిక్ పెట్టండి. మా చెల్లి అలా రెండు తప్పులు పట్టింది.

వందల మంది ఉన్న చార్టుకి ఈ పద్ధతి కష్టమని ఒప్పుకుంటాను. ఏడెనిమిది మెట్లు దాటితే చెవికి అంకెలు గుర్తుండవు. అప్పుడు ఒక్కో కొమ్మని విడి జాబితాగా చేసి నంబర్లతో కలపడమే నయం. మా ఇంటిది మూడు ముక్కలైంది.

రెండోసారి పంపినప్పుడు తాతయ్య మొత్తం విన్నారు. మొదటావిడ లైన్ దగ్గర ఆపి మళ్లీ విన్నారట, నానమ్మ చెప్పింది. ఆ సాయంత్రం ఫోన్ చేసి అడిగారు:

"ఆవిడ కింద 'తల్లిదండ్రుల గీత లేదు' అని వస్తోంది. ఎందుకు?"

"చార్టులో లేదు తాతయ్యా."

"వాడికి తెలీదులే. రాసుకో."

పుట్టిల్లు ఏ ఊరో, తండ్రి పేరేంటో, ఇద్దరు తమ్ముళ్లు ఏమయ్యారో చెప్పారు. నాలుగు లైన్లు వచ్చాయి. ప్రతి దాని చివరా "తాతయ్య చెప్పింది, చార్టులో లేదు" అని రాశాను. మా అన్నయ్య ఇప్పుడు స్కెచ్ పెన్నులు మళ్లీ వెతుక్కుంటున్నాడు.