అండమాన్‌లో ఉపవాసం: గోడ గడియారం కన్నా సూర్యుడే నయం

కార్తీకమాసంలో నక్తం ఉండే తెలుగు ఇళ్లలో పగలంతా ఉపవాసం చేసి, చుక్క కనిపించాకే భోంచేస్తారు. శ్రీకాకుళం నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడినవారి ఇళ్లలో ఆ చుక్క చాలా ముందే పొడుస్తుంది. నవంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం 5 గంటల లోపే సూర్యుడు అస్తమిస్తాడు. ఈ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. జూన్‌లో అక్కడ తెల్లవారు జామున 5 గంటలకల్లా వెలుగు వచ్చేస్తుంది. దేశమంతటా నడిచే గడియారం ఒక్కటే అయినా, ఆకాశం మాత్రం ఒక్కటి కాదు.

ఇప్పుడు చాలామంది ఆఫీసు ఉద్యోగులు అనుసరిస్తున్న విరామ ఉపవాసం ఈ తేడాను పట్టించుకోదు. రోజులో 16 గంటలు ఏమీ తినకుండా, మిగిలిన 8 గంటల్లోనే భోజనాలన్నీ ముగించాలన్నది ఇందులో ఎక్కువగా వినిపించే సూత్రం. ఆ 8 గంటలను చాలామంది మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకు పెట్టుకుంటారు. ఉదయం హడావిడిలో టిఫిన్ మానేయడం తేలిక, రాత్రి ఇంటిల్లిపాదితో కలిసి తినడం అలవాటు కాబట్టి ఈ ఏర్పాటు సులువుగా కనిపిస్తుంది. కానీ అండమాన్‌లో ఉద్యోగం చేసేవారికి ఇది తప్పు ఎంపిక. మానేయాల్సింది ఉదయం టిఫిన్ కాదు, రాత్రి ఆలస్యంగా తినే భోజనం.

లెక్క చాలా చిన్నది. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడి ఉంది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక అక్కడ సూర్యుడు గడియారం కన్నా సుమారు 41 నిమిషాలు ముందుంటాడు. గోడ మీద రాత్రి 8 అయినప్పుడు సూర్యుని లెక్కలో 8.40 దాటుతుంది. అదే 8 గంటలకు గుజరాత్ తీరంలోని ద్వారకలో సూర్యుని లెక్క 7.06 మాత్రమే. ఒకే సలహా పాటించిన ఇద్దరు ఉద్యోగుల మధ్య గంటన్నరకు పైగా తేడా వచ్చేసింది.

శరీరం గోడ గడియారాన్ని చూస్తుందా, సూర్యుణ్ణి చూస్తుందా? 2007లో జర్మనీలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం దీన్ని పరిశీలించింది. దేశమంతా ఒకే సమయం పాటిస్తున్నా, తూర్పున ఉన్నవారి నిద్రవేళలు పడమటివారికన్నా ముందు ఉన్నాయి. ఆ తేడా దాదాపు సూర్యుడి తేడాకు సరిపోయింది. అయితే పెద్ద నగరాల్లో ఈ ప్రభావం తగ్గింది, ఎందుకంటే అక్కడివారు పగటి వెలుగుకు తక్కువగా, విద్యుద్దీపాలకు ఎక్కువగా అలవాటు పడ్డారు. పోర్ట్ బ్లెయిర్ లక్ష పైచిలుకు జనాభా ఉన్న చిన్న నగరం. తెల్లవారు జామున కిటికీలోంచి ఎండ వచ్చే ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. అర్ధరాత్రి దాకా ఫోను చూసేవారికి ఈ లెక్క అంత కచ్చితంగా వర్తించదు గానీ, 5 గంటలకే లేచేవారికి బాగానే వర్తిస్తుంది.

ఈ తేడా వల్ల నష్టం ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. ఒకే అన్నం, ఒకే పప్పు ఉదయం తిన్నప్పటి కన్నా రాత్రి తిన్నప్పుడు రక్తంలో చక్కెరను ఎక్కువగా పెంచుతాయి. చీకటి పడ్డాక శరీరంలో మెలటోనిన్ అనే హార్మోన్ పెరగడం ఇందుకు ఒక కారణం. అది నిద్రకు సిద్ధం చేస్తూనే, క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలను కొంత తగ్గిస్తుంది. నిద్రకు దగ్గరగా పెద్ద భోజనం చేస్తే చక్కెర ఎక్కువసేపు రక్తంలోనే ఉండిపోతుంది.

ప్రయోగాలు కూడా ఇదే దిశను చూపుతున్నాయి, కానీ అతిగా ఆశ పెట్టుకోవద్దని కూడా చెబుతున్నాయి. 2018లో అమెరికాలో మధుమేహానికి ముందు దశలో ఉన్న పురుషుల మీద చిన్న ప్రయోగం జరిగింది. రోజు తిండిని 6 గంటల్లో, మధ్యాహ్నం 3 లోపు ముగించినప్పుడు బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు మెరుగుపడ్డాయి. 2020లో 116 మందిపై జరిగిన మరో ప్రయోగంలో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకు తిన్నవారు, మామూలుగా మూడు పూటలా తిన్నవారికన్నా చెప్పుకోదగ్గంత బరువు తగ్గలేదు. పైగా తగ్గిన కొద్ది బరువులో కండ పాలు ఎక్కువగా ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏడాది పాటు జరిగిన ప్రయోగం 2022లో వెలువడింది. అందులో రెండు బృందాలూ ఒకే మేర కేలరీలు తగ్గించాయి. ఒక బృందం మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకే తిన్నది. చివరకు రెండింటి మధ్య బరువులో గణనీయమైన తేడా రాలేదు. అంటే గంటలు కుదించడమే మంత్రం కాదు. తక్కువ తినడానికి అది ఒక సాధనం, ముందు వేళల్లో తింటే చక్కెరకు కొంత మేలు.

ఇక ఇంటి వంట సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో ఆఫీసుకు వెళ్లే ఒక తెలుగు ఇల్లాలి రోజును ఊహిస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఆమె 5 గంటలకు లేచి పాలు, చక్కెర వేసిన టీ తాగుతుంది. అందరికీ టిఫిన్, క్యారేజీలు సర్ది 9కి ఆఫీసు చేరుతుంది. తన టిఫిన్ చాలాసార్లు తప్పిపోతుంది. మధ్యాహ్నం క్యారేజీ అన్నం, 4కి టీ బిస్కెట్లు. రాత్రి అందరికీ వడ్డించి 9.30కి తను చివర తింటుంది. మధ్యాహ్నం నుంచే తింటున్నానని ఆమె అనుకోవచ్చు గానీ, నిజానికి తిండి ఉదయం 5.15 టీతోనే మొదలై 9.30కి ముగిసింది. అది 16 గంటలకు పైగా తినడం.

ఆమెకు 8 గంటల గడి కన్నా ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు 10 గంటల గడి నప్పుతుంది. 2024లో అమెరికాలో 108 మందిపై జరిగిన ప్రయోగంలో అప్పటిదాకా తినే వ్యవధిని కనీసం 4 గంటలు తగ్గించి, 8 నుంచి 10 గంటలకు కుదించారు. మూడు నెలల్లో వారి సగటు చక్కెర స్థాయి స్వల్పంగానైనా మెరుగుపడింది. పదహారు గంటల నుంచి పదికి రావడం అలాంటి మార్పే.

అమలు ఇలా ఉండవచ్చు. తెల్లవారు టీ మానక్కర్లేదు, పాలు, చక్కెర లేకుండా తాగితే చాలు. లేదా దాన్ని 8 గంటల టిఫిన్‌తో కలిపేయాలి. టిఫిన్‌గా మూడు ఇడ్లీలు, సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం 12.30కి రోజులోని పెద్ద భోజనం: అన్నం, గట్టి పప్పు, చేపల పులుసు లేదా వేపుడు, ఒక కూర, పెరుగు. అన్నం అంతా ఈ పూటకే. ఆఫీసు 5కి ముగిసి 5.30కి ఇల్లు చేరితే, 5.45కి రెండు చపాతీలు, శనగల కూర లాంటి తేలికైన భోజనం. కూర ఉదయమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సాయంత్రం పని చపాతీలు కాల్చడమే.

ఇందులో మాంసకృత్తుల లెక్క ముఖ్యం. పూటలు తగ్గినప్పుడు ముందుగా తగ్గేవి అవే, కండ కరగడం అక్కడే మొదలవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. పై జాబితాలో 100 గ్రాముల చేప ఉంటే సుమారు 60 గ్రాములు సులువుగా అందుతాయి. చేప లేని రోజు మరో గుడ్డు, పప్పు, పెరుగు పెంచాలి. టిఫిన్ మానేసి అన్నం, రసం, పచ్చడితో గడిపితే ఈ లెక్క ఎప్పటికీ కుదరదు.

పథకం చెడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఉక్కపోతలో తాగే కొబ్బరిబోండం నీళ్లలో చక్కెర ఉంది, మజ్జిగలో కేలరీలు ఉన్నాయి, కాబట్టి రెండూ గడి లోపలే తాగాలి. మంచినీళ్లకు మాత్రం ఏ అడ్డూ లేదు, చెమట ఎక్కువ పట్టే ఆ వాతావరణంలో తాగక తప్పదు. పెద్ద చిక్కు రాత్రి 8.30కి మిగతావారు తినేటప్పుడు వస్తుంది. వడ్డిస్తూ రుచి చూడటం, పిల్లల కంచంలో మిగిలింది తినడం గడిని మళ్లీ పన్నెండున్నర గంటలకు లాగుతాయి. ఇంట్లో అందరూ వారానికి నాలుగు రోజులైనా 6.30కి తినగలిగితే ఈ చిక్కు సగం తీరుతుంది. అది ఆమె ఒక్కతి చేయగల పని కాదు, ఇంట్లో మిగతావారు ఒప్పుకోవాల్సిన పని.

ఫలితం ఉందా లేదా అన్నది ఊహించుకోనక్కర్లేదు. గ్లూకోమీటర్ ఉన్న ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఒకరోజు సాయంత్రం 6కి, వారం తర్వాత రాత్రి 9కి అచ్చంగా అదే భోజనం, అదే కొలతలో తిని, రెండు గంటల తర్వాత చక్కెర చూసుకోవాలి. ఒక్కో రోజుకి తేడా వస్తుంది కాబట్టి రెండు మూడు సార్లు చేస్తేనే నమ్మదగినది. మూడు నెలల ముందూ తర్వాతా నడుము కొలత టేపుతో తీసుకోవాలి. బరువు తగ్గుతూ మెట్లెక్కేటప్పుడు నీరసం పెరిగితే కండ పోతోందేమో అనుమానించాలి.

మధుమేహానికి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా ఏ పూటా మానకూడదు. మందు వేసుకుని టిఫిన్ మానేస్తే చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, తికమక దానికి గుర్తులు. గర్భిణులు, పిల్లలకు పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఈ పద్ధతికి దూరంగా ఉండాలి.

అస్సాంలోని తేయాకు తోటలు చాలాకాలంగా ప్రామాణిక సమయానికి గంట ముందు నడిచే తమ తోట సమయాన్ని పాటిస్తున్నాయి. దేశ సమయాన్ని నిర్వహించే జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2018లో ఈశాన్య రాష్ట్రాలతో పాటు అండమాన్ నికోబార్‌కూ గంట ముందుండే రెండో సమయ మండలాన్ని ప్రతిపాదించారు. ఆ గడియారం వచ్చే దాకా ఆఫీసు వేళలు మారవు. వంటింటి వేళలు మార్చుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. పొద్దు పోయాక మొదలయ్యే పెద్ద భోజనాన్ని పొద్దున్న ఉండగానే ముగించడం అక్కడి ఉద్యోగికి ఏ పదహారు గంటల సూత్రం కన్నా దగ్గరి దారి.