బొమ్మ ధర కన్నా ముందు పెట్టె కొలత

పెద్దచెరువు, గట్టు మీద తాటిచెట్లు, నీళ్లలో వాటి నీడలు... ఓ గృహిణి నాలుగు రోజులు కూర్చుని ఈ వాటర్‌కలర్ వేసిందనుకుందాం. కొలత 12×16 అంగుళాలు. గాజు వేసి ఫ్రేము కట్టించి, 6,400 రూపాయలకు ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టింది. 'డెలివరీ ఉచితం' అని కూడా రాసింది. వారంలో అమ్ముడైంది. తీరా లెక్క చూస్తే ఆమెకు మిగిలేదెంత?

ధర వేయడంలో తప్పులేదు. చాలామంది చిత్రకారులు చదరపు అంగుళానికి ఇంత అని కడతారు. 192 చదరపు అంగుళాలకు ముప్ఫై రూపాయల చొప్పున 5,760, కాగితానికీ రంగులకూ 640. మొత్తం 6,400. చిక్కంతా ఫ్రేముతో వచ్చింది.

బరువు కాదు, జాగా!

మౌంటుతో కలిపి ఫ్రేము 45×55 సెంటీమీటర్లయింది. చుట్టూ అయిదేసి సెంటీమీటర్ల మెత్త వేస్తే అట్టపెట్టె 55×65×15 అవుతుంది. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు, పెట్టె ఆక్రమించే జాగా కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తారు. ఇక్కడ 10.7 వస్తుంది. అంటే తూకంలో నాలుగు కిలోలే ఉన్నా పదకొండు కిలోలకు డబ్బు కట్టాలి. కిలోకు వంద అనుకున్నా 1,100. ఫ్రేముకు 1,300, ప్యాకింగుకు 300, వెబ్‌సైటు కమిషన్ పదిహేను శాతమైతే 960. రంగుల ఖర్చు కూడా తీసేస్తే మిగిలేది 2,100 రూపాయలు. నాలుగు రోజుల కష్టానికి అదీ ఫలితం!

అదే బొమ్మను ఫ్రేము లేకుండా రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపితే లెక్క కిలోంబావుకు మించదు. అందుకే బొమ్మ ధర, ఫ్రేము ధర, రవాణా ఖర్చు విడివిడిగా చూపించాలి. ఫ్రేము కావాలో వద్దో కొనేవారే తేల్చుకుంటారు.

ప్రింటుకెంత?

బొమ్మ చేయి దాటకముందే స్కాన్ చేయించుకోవాలి. అంగుళానికి 300 చుక్కల చొప్పున, అంటే 3,600×4,800 పిక్సెళ్లు ఉంటే అదే సైజులో ప్రింటు స్పష్టంగా వస్తుంది. మంచి కాగితం మీద ప్రింటుకు 350, గొట్టానికీ ప్యాకింగుకూ 120 అవుతుందనుకుందాం. 1,200కు అమ్మితే కమిషన్ 180 పోను చేతికి 550 వస్తాయి. రవాణా కొనేవారిదే.

అసలు బొమ్మ ఒక్కటే, ప్రింట్లు ఎన్నో. అందుకే ఎన్ని తీస్తారో మొదటే చెప్పాలి. యాభై అనుకుంటే ప్రతిదాని కింద పెన్సిలుతో 7/50, 8/50 అని అంకె వేసి సంతకం చేస్తారు. యాభై ఒకేసారి అచ్చు వేయించి బీరువాలో దాచక్కర్లేదు, ఆర్డరు వచ్చినప్పుడల్లా తీయించవచ్చు. యాభై అయ్యాక మరొకటి తీస్తే మాత్రం ముందు కొన్నవారిని మోసగించినట్టే.

బొమ్మ అమ్మేశాక ప్రింట్లు తీయొచ్చా? తీయొచ్చు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రాతపూర్వకంగా ఇచ్చేస్తే తప్ప ఆ హక్కు చిత్రకారులదే. అయితే ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం వేయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వేయించుకున్నవారిది. అలాంటప్పుడు ముందే కాగితం రాసుకోవాలి.

ఫ్రేముతోనే కావాలంటే?

గాజుకు బదులు అక్రిలిక్ షీటు వేయిస్తే పగిలే భయం తక్కువ. బొగ్గు, పొడి పాస్టెల్ బొమ్మలకు మాత్రం అది పనికిరాదు. దానిలో పుట్టే స్థిర విద్యుత్తు పొడిని లాగేస్తుంది. గాజే ఉంటే దాని మీద మాస్కింగ్ టేపు అడ్డంగా, నిలువుగా, మూలల నుంచి మూలలకు అతికించాలి. గాజు పగలకుండా అది ఆపలేదు. కానీ పగిలిన ముక్కలు జారి బొమ్మను చీల్చకుండా పట్టి ఉంచుతుంది.

దెబ్బ ముందు తగిలేది ఫ్రేము మూలలకే. నాలుగింటికీ అట్ట తొడుగులు వేసి, బబుల్‌ర్యాప్ రెండు చుట్లు చుట్టి, పెట్టెలో అన్ని వైపులా థర్మోకోల్ నింపాలి. మూత అంటించాక పెట్టెను ఊపి చూడాలి. లోపల కదిలినట్టు చప్పుడైతే విప్పి మళ్లీ సర్దాల్సిందే. అంటించే ముందు ఒక్కో దశనూ ఫొటో తీసుకోవాలి. నష్టపరిహారం అడగాల్సి వస్తే అవే సాక్ష్యం. గాజుకు పరిహారం ఉండదన్న షరతు కొరియర్ రసీదు వెనక ఉందేమో బుకింగుకు ముందే చదవాలి. ఉంటే ఆ ఫ్రేముకు గాజు తీసేసి పంపడమే మేలు. కొన్నవారు తమ ఊళ్లోనే గాజు వేయించుకుంటారు.