యాభై శాతం అంటే గుండ్రం కాదు మహాప్రభో!

నిన్న ఒక కోడ్ రివ్యూలో మళ్లీ అదే లైను కనపడింది. బటన్ క్లాసులో `border-radius: 50%`. "ఇది మార్చు బాబూ" అని కామెంట్ పెడితే "ఎందుకన్నా, గుండ్రంగానే వస్తోందిగా" అని జవాబు. ఆ కామెంటు పెట్టెలో ఇదంతా రాస్తే బాగోదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

కొన్నేళ్ల క్రితం ఒక ప్రాజెక్టులో ఓ ఫారం పేజీకి తెలుగు స్ట్రింగులు పెట్టే పని నాకు పడింది. ఇంగ్లీషులో బటన్ మీద `Apply` అని ఉండేది, కొలత 80 × 48 పిక్సెళ్లు. ఆ కొలతకి యాభై శాతం పెడితే కోడిగుడ్డు ఆకారమే వస్తుంది గానీ, చిన్న బటన్ కాబట్టి ఎవరి కంటా పడలేదు. నేను "దరఖాస్తు సమర్పించండి" అని పెట్టాను. బటన్ 240 పిక్సెళ్లకి సాగింది, ఎత్తు మాత్రం అదే 48. తెర మీద చూస్తే నీలం రంగు పూతరేకు సాగదీసినట్టు ఉంది, పైగా రెండు చివరలా అక్షరాలు కొరికేసినట్టు కనపడుతున్నాయి.

మా లీడ్ చూసి అన్నమాట: "ఆ తెలుగు మాట మరీ పొడుగైపోయింది. చిన్నది చూడు, లేదంటే అప్లై అనే ఉంచెయ్." మీటింగులో అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది గానీ, అప్పటికి కారణం నాకూ తెలీదు. తెలిసుంటే అక్కడే చెప్పేవాణ్ణి, తప్పు భాషది కాదు, ఆ శాతం గుర్తుది అని.

విషయం ఏంటంటే, `border-radius` లో మూలకి రెండు వ్యాసార్థాలు ఉంటాయి, ఒకటి అడ్డం, ఒకటి నిలువు. మనం ఒకటే అంకె ఇస్తే రెండిటికీ అదే వాడుతుంది. కానీ శాతంలో ఇస్తే అడ్డం అంకెని బటన్ వెడల్పులోంచి, నిలువు అంకెని ఎత్తులోంచి లెక్కేస్తుంది. అంటే మన 240 × 48 బటన్‌కి అడ్డం 120, నిలువు 24. నాలుగు మూలలూ అలా వంగితే మధ్యలో తిన్నటి గీత అనేదే మిగలదు, మొత్తం ఒక దీర్ఘవృత్తం. వెడల్పూ ఎత్తూ సమానమైనప్పుడు మాత్రమే అది వృత్తం.

మరి అక్షరాలు ఎందుకు తెగాయి? నిజానికి తెగలేదు. `overflow: hidden` పెడితే తప్ప `border-radius` అక్షరాల్ని కత్తిరించదు, వెనక రంగుని మాత్రమే కత్తిరిస్తుంది. బటన్ మధ్యగీత నుంచి 10 పిక్సెళ్లు పైకి వెళ్తే ఆ దీర్ఘవృత్తం అంచు దాదాపు 11 పిక్సెళ్లు లోపలికి వచ్చేస్తుంది. మా పక్క ప్యాడింగ్ 8. అంటే చివరి అక్షరాల పై కొసలు, కింది కొసలు 3 పిక్సెళ్లు నీలం దాటి బయటికొచ్చాయి. తెల్ల అక్షరాలు, తెల్ల పేజీ, ఇంకేం కనపడుతుంది! మౌసుతో ఆ మాటని సెలెక్ట్ చేసి చూడండి, పూర్తి అక్షరాలు అక్కడే ఉంటాయి. అలా చూసే నాకు అర్థమైంది.

మాత్ర ఆకారం కావాలంటే శాతం కాదు, పిక్సెళ్లు ఇవ్వాలి. అందరూ `999px` అని పెట్టేస్తారు, అది పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేస్తుందో అడిగితే మాత్రం "పెద్ద నంబర్ కదా" అంటారు. (నేనూ మూడేళ్లు అదే చెప్పాను, దాచుకోవడం ఎందుకు.) అసలు రూలు ఇది: ఒక అంచు మీద ఉన్న రెండు వ్యాసార్థాల మొత్తం ఆ అంచు పొడవుని దాటితే, బ్రౌజర్ అంచు పొడవుని ఆ మొత్తంతో భాగిస్తుంది. పై అంచుకి 240/1998, అంటే 0.12. పక్క అంచుకి 48/1998, అంటే 0.024. నాలుగు అంచుల్లో వచ్చిన అతి చిన్న అంకెతో *అన్ని* వ్యాసార్థాల్నీ గుణిస్తుంది. 999 × 0.024 = 24. ఎత్తులో సరిగ్గా సగం, రెండు చివరలా అచ్చమైన అర్ధవృత్తాలు.

ఆ "అన్ని" అన్నచోటే ఇంకో గొయ్యి ఉంది. చాట్ బుడగకి మూడు మూలలు గుండ్రంగా, కింద కుడి మూల కొంచెమే వంపు కావాలని డిజైనర్ అడిగారనుకోండి. మనవాళ్లు రాసేది ఇది:

```css
border-radius: 999px 999px 8px 999px;
```

ఆ 8 కూడా 0.024తో గుణింపబడి 0.19 పిక్సెల్ అవుతుంది. అంటే మూల కత్తిలా ఉంటుంది. అప్పుడు 8ని 12 చేస్తారు, 20 చేస్తారు, ఏం మారదు, చివరికి `!important` పెడతారు. ఎత్తు 48 అయితే 24 అని నిజం అంకె రాయండి, 8 అలాగే 8గా వస్తుంది.

అవతార్ దగ్గర యాభై శాతం తప్పు కాదు, ఎందుకంటే అక్కడ చతురస్రం ఉంటుంది. ఉంటుందనుకుంటాం. ఫోటో లేనివాళ్లకి పేరులో మొదటి అక్షరాలు పెట్టే 40 × 40 డబ్బా ఉందనుకోండి, పక్కనే పేరు. మన పేర్లు తెలుసుగా, ఇంటిపేరుతో కలిపి 360 పిక్సెళ్లు. ఫ్లెక్స్ వరస వెడల్పు 320 అయితే 80 తగ్గించాలి. ఫ్లెక్స్ ఆ నష్టాన్ని కొలతల నిష్పత్తిలో పంచుతుంది, అవతార్ వాటా 8. ఇప్పుడది 32 × 40, మళ్లీ గుడ్డు. అక్కడ `border-radius` ని ఎంత గోకినా లాభం లేదు, `flex-shrink: 0` పెట్టాలి.

శాతాలకి నిజంగా సరైన చోటు ఒకటుంది, ఇప్పుడు ప్రతి ల్యాండింగ్ పేజీ వెనకా తేలే ఆ అమీబా ఆకారాలు.

```css
border-radius: 30% 70% 70% 30% / 30% 30% 70% 70%;
```

గీతకి ముందు నాలుగూ అడ్డం, తర్వాత నాలుగూ నిలువు. పై ఎడమ మూల నుంచి గడియారం దిశలో చదువుకోవాలి. ఏ అంచు తీసుకున్నా మొత్తం సరిగ్గా వంద, అందుకే తిన్నటి ముక్క మిగలదు, బ్రౌజర్ కుదించాల్సిన పనీ రాదు. అంటే అంకెలు ఎనిమిది కనపడుతున్నా మన చేతిలో ఉన్నవి నాలుగే, అంచుకొకటి. జనరేటర్ సైట్లలో నాలుగు పిడులు ఉండేది అందుకే. ఈ పద్ధతిలో ఆకారం ఎప్పుడూ బయటికే ఉబ్బుతుంది, లోపలికి నొక్కు పడదు. జీడిపప్పు ఆకారం కావాలంటే `clip-path` కి వెళ్లాలి, కానీ అది `box-shadow` ని కూడా కోసేస్తుంది. ఇక్కడైతే నీడ వంపు వెంటే వస్తుంది, వంపు బయట నొక్కితే క్లిక్ కూడా పడదు.

2011లో ఐఈ 9 వచ్చేదాకా ఐఈలో ఈ ప్రాపర్టీయే లేదు. మూలకో బొమ్మ ముక్క అతికించి గుండ్రం తెప్పించేవాళ్లట. వాళ్లకి కనీసం ఏ మూల ఎంతో తెలిసుండేది.

రివ్యూలో ఆ తమ్ముడికి ఒక్క పనే చెప్పాను, బటన్ మీద మాట తీసేసి "దరఖాస్తు సమర్పించండి" అని పెట్టి ఒక స్క్రీన్‌షాట్ పంపమని. ఇంకా పంపలేదు. కమిట్ మాత్రం ఇంకోటి పడింది, `50%` పోయి `24px` వచ్చింది.