టన్ను రేటు ఒక్కటే చూసి బస్తాలు ఎక్కించకండి!

పసుపు రైతన్నలారా, అక్కలారా!

నిజామాబాద్ యార్డు కంటే సాంగ్లీలో నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని అయిదు వందల కిలోమీటర్లకు పైగా సరుకు తోలుతున్నాం. ఆ ఎక్కువ కాస్తా లారీ కిరాయిలోనే కరిగిపోతే మనకు మిగిలేదేంటి? నిరుడు మాకు జరిగింది వినండి.

అయిదు ఇండ్లవాళ్లం కలిసి 200 బస్తాలు పోగేశాం. బస్తాకు 65 కిలోల లెక్కన 13 టన్నులు. ఒక ట్రాన్స్‌పోర్టు వాళ్లు టన్నుకు 2,600 అడిగారు. టోల్‌గేట్లతో సహా అన్నీ అందులోనే అన్నారు. ఇంకొకరు 2,000కే వస్తామన్నారు. ఎవరైనా ఏం చేస్తారు? మేమూ అదే చేశాం, 2,000 లారీ మాట్లాడుకున్నాం.

సరుకు దిగాక చేతికొచ్చిన బిల్లు ఇదీ:

16 టన్నుల కిరాయి: 32,000
టోల్‌గేట్లు: 3,000
హాల్టింగ్, రెండు రోజులు: 5,000
కాంటా, బిల్టీ, డ్రైవర్ మామూలు: 900
మొత్తం: 40,900

టన్నుకు 2,000 అన్నది 3,146 అయింది. మొదటి లారీకే ఇచ్చి ఉంటే 33,800తో పోయేది. చౌక అనుకున్న లారీ మమ్మల్ని 7,100 ముంచింది.

13 టన్నులకు 16 టన్నుల కిరాయి ఎందుకు?
దీన్ని మినిమం గ్యారంటీ అంటారు. లారీలో ఎంత సరుకున్నా ఇన్ని టన్నులకు కిరాయి కట్టాల్సిందేనని అర్థం. డీజిలు, డ్రైవరు ఖర్చు లోడు తగ్గినంత మాత్రాన తగ్గవు కాబట్టి లారీ యజమాని అలా అడగడంలో న్యాయం లేకపోలేదు. ఆ మాట ముందు చెప్పకపోవడమే అన్యాయం. మాకు ముందే తెలిసి ఉంటే ఇంకో 46 బస్తాలున్న ఇంటిని కలుపుకునేవాళ్లం. కిరాయి పైసా పెరగకుండా అవీ వెళ్లిపోయేవి. లేదంటే గ్యారంటీని 13కు దించమని పట్టుబట్టేవాళ్లం.

అలాగని "ఇంకో రెండు టన్నులు వేసుకోండి, మేం చూసుకుంటాం" అంటే నమ్మకండి. ఓవర్‌లోడ్ పట్టుబడితే చట్టం ప్రకారం జరిమానా 20,000, దానిపైన అదనపు టన్నుకు 2,000. ఆ భారం చివరికి తిరిగి మన బిల్లు మీదికే వస్తుంది.

కాంటా దగ్గర కళ్లు తెరవండి
ఆర్‌సీ పుస్తకంలో ఉన్న ఖాళీ బరువును లోడు బరువులోంచి తీసేసి సరుకు లెక్క కడతామంటారు. టార్పాలిన్లు, తాళ్లు, క్యాబిన్‌లోని మనుషులు, అన్నీ అప్పుడు మన పసుపు కిందే జమ. ఖాళీ లారీని కాంటా ఎక్కించండి. నింపాక అదే కాంటాపై మళ్లీ తూయించండి. రెండు చీటీలూ మీ జేబులో ఉండాలి.

హాల్టింగ్ ఎప్పటి నుంచి?
మా లారీ శనివారం సాయంత్రం చేరింది. ఆదివారం అడ్తి దుకాణం మూసి ఉంది, సోమవారం వరుసలో ఉండి రాత్రికి దించారు. రెండు రోజుల హాల్టింగ్ పడింది. గేటులో లారీ పేరు రాయించాక ఎన్ని గంటలు ఉచితమో, సెలవు రోజు లెక్కలోకి వస్తుందో రాదో ముందే తేల్చుకోండి. అడ్తి దుకాణానికి ఫోను చేసి, వాళ్లు దించుకునే రోజుకు చేరేలా లారీని కదిలించండి.

ఇకనుంచి మనం ఇలా చేద్దాం
ఒక్క ట్రాన్స్‌పోర్టుతో ఆగొద్దు, ముగ్గురిని అడుగుదాం. అందరినీ ఒకటే ప్రశ్న: "మా 13 టన్నులు సాంగ్లీలో దిగేదాకా మొత్తం ఎంత?" వచ్చిన మొత్తాన్ని మన టన్నులతో భాగిస్తే అసలు రేటు బయటపడుతుంది. అటు వైపు నుంచి సరుకు తెచ్చి ఖాళీగా తిరిగిపోయే మహారాష్ట్ర లారీ ఉందేమో ఆరా తీద్దాం. ఎలాగూ ఇంటిదారి పట్టే బండి కనుక బేరానికి దిగుతుంది.

బస్తా ఎక్కించే ముందు ఈ అయిదూ కాగితం మీద రాయించి సంతకం తీసుకుందాం:

1. టన్ను రేటు, మినిమం గ్యారంటీ ఎన్ని టన్నులు
2. ఎవరి కాంటా బరువు లెక్క
3. టోల్, బిల్టీ, మామూలు కిరాయిలో కలిసినవా, కావా
4. హాల్టింగ్ ఎప్పుడు మొదలు, రోజుకు ఎంత
5. అడ్వాన్సు ఎంత, దిగాక ఇచ్చే బాకీ ఎంత

రాయనిది అడిగితే ఇవ్వం. బాకీ చేతిలో ఉంచుకున్నప్పుడే ఆ మాటకు బలం. అందుకే అడ్వాన్సుగా మొత్తం ఊడ్చి ఇవ్వొద్దు.

ఈ వారం మీ వాడకట్టులో ఎవరి దగ్గర ఎన్ని బస్తాలున్నాయో రాయండి. లారీ నిండేలా ఇండ్లను కలపండి. ఆ తర్వాతే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు మెట్లెక్కండి!

ఇట్లు,
మీ తోటి పసుపు రైతులు,
నిజామాబాద్ జిల్లా

(చదివాక పక్కింటికి ఇవ్వండి)