పడకగదిలో ఏసీ: ముందు నీటి వాటం, తరువాతే గోడ అందం

పడకగదిని ఎంత ముచ్చటగా తీర్చుకున్నా స్ప్లిట్ ఏసీ బిగించిన మరునాటినుండి చూపంతా దానిమీదికే పోతుందని చాలామంది వాపోతుంటారు. గోడ మీద సుమారు మూడడుగుల తెల్లని పెట్టె, దాని పక్కనుండి మూలదాకా పాకే తెల్లని కేసింగు. ఈ బాధకు ఎక్కువమంది వడ్రంగిని పిలిపించి జాలీ తలుపుల చెక్కపెట్టె ఒకటి చేయించి యంత్రాన్ని అందులో దాచుతారు. ఇది రోగానికి కాక రోగికి ముసుగు వేయడమని నా అభిప్రాయం. గదిని చెడగొట్టేది యంత్రం కన్న దాని గొట్టమే. ఆ గొట్టం ఎటు పోవాలో నిర్ణయించేది అలంకారం కాదు, నీరు.

కృష్ణా డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ఉక్కపోత రాత్రి ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరుకు పైగా నీటిని గాలినుండి పిండగలదు. ఆ నీటిని బయటికి తోసే మోటారు మామూలు ఇండోర్ యూనిట్లలో ఉండదు. నీరు తన బరువుతో తానే జారిపోవాలి. అందుకే రాగి గొట్టాలు ఎటుపోయినా, వాటి తోడు వెళ్ళే డ్రెయిన్ పైపుకు మాత్రం తాపీమేస్త్రీలు చెప్పే 'వాటం' తప్పదు. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు దిగాలి. మన పాత మండువా ఇళ్ళలో వాననీటి దారి చూసుకున్నాకనే కప్పు వాలు నిలిపేవారు. ఏసీ విషయంలోనూ వరస అదే.

బెంజ్ సర్కిల్ దాపున ఒక అపార్టుమెంటులోని పడకగదిని తీసుకుందాం. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. బయటి గోడ పడమరది ఒక్కటే, కిటికీ కూడా అందులోనే. తూర్పు గోడకు బీరువా. ఉత్తరానికి తల పెట్టకూడదు గనుక మంచం తలాపు దక్షిణపు గోడకు. బీరువాపైన చోటు ఖాళీగా ఉందని ఏసీని తూర్పు గోడకు బిగిద్దామంటాడు మెకానిక్కు. అప్పుడు గొట్టం ఉత్తరపు గోడ పొడుగునా 12 అడుగులు నడిచి పడమటి గోడను చేరాలి. అంటే 4 సెంటీమీటర్లయినా దిగాలి. పైనున్న కప్పు అంచు రసమట్టం పెట్టినట్టు సమంగా ఉంటుంది, కింద కేసింగు ఒరిగి ఉంటుంది. రెండు గీతలు పక్కపక్కన ఉన్నప్పుడు ఆ మాత్రం తేడాను కన్ను వెంటనే పట్టేస్తుంది. పైగా పడుకోగానే కళ్ళకెదురుగా కనిపించేది ఆ గోడే. పోనీ అందం కోసం కేసింగును సమంగా పెడితే నీరు నిలిచి వెనక్కు తన్నుతుంది. ఒకనాటి రాత్రి యూనిట్ ముందంచునుండి చుక్కలు రాలడం మొదలవుతుంది.

అదే యంత్రాన్ని కిటికీపైన బిగిస్తే ఈ చిక్కులన్నీ ఒక్కసారిగా తొలగిపోతాయి. కిటికీ తల 7 అడుగుల ఎత్తున, కప్పు 10 అడుగుల ఎత్తున ఉంటే మధ్య 90 సెంటీమీటర్ల జాగా ఉన్నట్టు. కింది 15 సెంటీమీటర్లు లింటెల్‌వి, పైభాగం బీముది. ఆ రెంటికీ చిల్లు పెట్టరాదు, నడుమనున్న ఇటుక కట్టుబడిలోనే పెట్టాలి. యూనిట్ అడుగు కిటికీ తలకు 20 సెంటీమీటర్ల పైన ఉండేలా నిలిపితే, దాని వెనుక కింది మూలకు వచ్చే చిల్లు సరిగ్గా ఇటుకలో పడుతుంది. యూనిట్ ఎత్తు 30 సెంటీమీటర్లనుకుంటే పైన ఇంకా 40 మిగులుతుంది, గాలి పీల్చుకోవడానికి అది ధారాళంగా చాలు. చిల్లు బయటివైపు ఒక సెంటీమీటరు పల్లంగా ఉండాలి. చుట్టూ సందును పూడ్చకపోతే చీమలూ బల్లులూ దారి చేసుకుంటాయి. గదిలో ఒక్క అంగుళం గొట్టం కనిపించదు. చాలా కంపెనీలు రాగి గొట్టం కనీసం 3 మీటర్లుండాలంటాయి కనుక మిగులును బయటనే చుట్టగా కట్టుకోవచ్చు. అవుట్‌డోర్ యూనిట్ కిటికీ పక్క స్టాండుమీద, మెకానిక్కు చేయి అందేచోట ఉండాలి.

ఇక కర్టెన్. కిటికీ మటుకే కాక పడమటి గోడ ఈ మూలనుండి ఆ మూలదాకా ఒకే రాడ్డు వేసి, గోడరంగుకు దగ్గరి బట్ట వేలాడదీస్తే ఏసీ ఆ తెరకు తలకట్టులా ఒదిగిపోతుంది. రాడ్డు గోడనుండి 10 సెంటీమీటర్లకు మించి ముందుకు రాకూడదు. యూనిట్ మందం దాదాపు అందుకు రెట్టింపు గనుక చల్లగాలి తెరకు తగలకుండా దాని ముందునుండి దాటిపోతుంది. మంచం అడ్డంగా ఉండటంవల్ల, రెక్కను సమంగా నిలిపితే గాలి మనిషి మీదుగా పోతుందేగాని మొహాన కొట్టదు.

చెక్కపెట్టె ఎందుకు వద్దంటానో చెబుతాను. ఇండోర్ యూనిట్ పైనుండి గాలి పీల్చి కింద ముందువైపునుండి వదులుతుంది. గది ఎంత చల్లబడిందో కొలిచే సెన్సరు ఆ పీల్చే దారిలోనే ఉంటుంది. జాలీ అడ్డుంటే వదిలిన చల్లగాలిలో కొంత తగిలి వెనక్కు మళ్ళి, తిరిగి పైనుండే లోపలికి పోతుంది. గది చల్లబడిందనుకొని యంత్రం నెమ్మదిస్తుంది. పరీక్ష తేలిక. ఏసీని 24లో పెట్టి, గంట తరువాత మంచం మీద థర్మామీటరు చూడండి. అక్కడ 28 ఉండి, అవుట్‌డోర్ యూనిట్ మాటిమాటికీ ఆగుతుంటేనో సద్దుమణుగుతుంటేనో దోషం గ్యాసుది కాదు, పెట్టెది. మే నెల రాత్రి ఈ తేడా నిద్రకూ జాగరణకూ ఉన్నంత. పైగా బెంజ్ సర్కిల్‌లో రెండు జాతీయ రహదారులు కలుస్తాయి, దుమ్ముకు కొదవలేదు. రెండు వారాలకొకసారి కడగవలసిన ఫిల్టరును పెట్టెలో దాస్తే ఎవరూ కడగరు.

రంగు చేసే పని పెట్టె చేయలేదు. ముదురు నీలం గోడ మీద తెల్లని ఏసీ రెట్టింపుగా కనిపిస్తుంది, మీగడ తెలుపు మీద సగం మాయమవుతుంది. యంత్రానికి మాత్రం రంగు వేయకండి, గోడకు వేయండి. యూనిట్‌మీద రాత్రి మెరిసే అంకెలను చాలా రిమోట్లలో ఒక మీట నొక్కి ఆర్పవచ్చు.

లోపలి గోడ తప్ప గత్యంతరం లేనివారి సంగతేమిటి? ఇల్లు కట్టేటప్పుడయితే గాడి కొట్టి గొట్టాలను గోడలో దాచవచ్చు, కాని గోడలోపల అతుకు ఉండకూడదు. రాగి గొట్టాలు రెంటికీ వేరువేరుగా తొడుగు ఉండాలి. పూత వేసేముందు నైట్రోజన్ నింపి పీడనం నిలుస్తోందో లేదో, డ్రెయిన్‌లో చెంబెడు నీళ్ళు పోసి జారుతున్నాయో లేదో చూసుకోవాలి. తొడుగు చిరిగిన చోట చెమ్మ పట్టి, ఏడాది తిరక్కుండానే గాడి వెంబడి లప్పం ఉబ్బుతుంది. కట్టేసిన ఇంట్లోనయితే కేసింగును సమీపపు మూలదాకా మాత్రమే అడ్డంగా నడిపి, అక్కడినుండి నిట్టనిలువుగా దింపి, బాల్కనీలోకో స్నానాలగదిలోకో వదలాలి. నిలువు గీత మూలలో కలిసిపోతుంది. కేసింగును ఉప్పుకాగితంతో రుద్ది గోడరంగే వేస్తే చాలు.

కనుక ఏసీ కొనేవారు రంగుల పుస్తకం తెరిచేముందు చేయవలసింది ఒక్కటే. నీరు బయటపడే చోటును పెన్సిలుతో గుర్తించి, అక్కడినుండి వెనక్కు లెక్క వేసుకుంటూ యంత్రానికి తావు వెతకాలి. మెకానిక్కు డ్రిల్లు తీయకముందే ఈ మాట అనాలి. చిల్లు పడిన తరువాత వడ్రంగి తప్ప మరెవరూ లాభపడరు.