వ్యాసం జిరాక్స్ ఇవ్వకండి, పిల్లల ముందు రాసి చూపించండి

ఈ వేసవిలో కూడా మనవాళ్ళు చాలా ఊళ్ళలో ఇంటర్ పిల్లలకి క్లాసులు పెడుతున్నారు. వ్యాసం ఎలా చెప్పాలో నా అభిప్రాయం రాస్తున్నా. ఒప్పుకోకపోతే కింద రాయండి.

పోయినేడు నేను చేసిన తప్పుతో మొదలుపెడతా. పర్యావరణం మీద మంచి వ్యాసం ఒకటి జిరాక్స్ తీసి అందరికీ పంచాను. వారం తర్వాత "మా ఊరి చెరువు" మీద రాయమంటే దాదాపు అందరూ ఆ జిరాక్స్ మొదటి పేరానే దించారు. చెరువు ఎక్కడా లేదు. పిల్లలు బద్ధకస్తులు కాదు. వాళ్ళు చూసింది తయారైన వ్యాసాన్నే, అది తయారవడం ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో కోయో, సవరో మాట్లాడి బళ్ళో తెలుగు రాసే పిల్లలకి ఇది ఇంకా కష్టం.

1980లలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పేద, వలస కుటుంబాల పిల్లలు చదివే బడుల్లో ఒక పద్ధతి తయారైంది. ముందు టీచర్ నమూనా చూపించాలి, తర్వాత అందరూ కలిసి రాయాలి, ఆ తర్వాతే ఒంటరిగా రాయాలి. నేను దాన్నే మన క్లాసుకి మార్చుకున్నాను. గంటన్నరలో ఒక్క పేరానే, వ్యాసం మొత్తం కాదు.

మొదటి ఇరవై నిమిషాలు నేనే బోర్డు మీద రాస్తా, మనసులో అనుకునేది పైకి చెప్తూ. విషయం: సంతలో ఎలక్ట్రానిక్ కాటా తప్పనిసరి చేయాలా? "సంతలో మనవాళ్ళు మోసపోతున్నారు" అని రాశా. ఆగి, "ఎవరు? దేంట్లో?" అని నన్ను నేనే అడిగి కొట్టేశా. "చింతపండు అమ్మేటప్పుడు మనవాళ్ళు తూకంలో నష్టపోతున్నారు" అని మళ్ళీ రాశా. తర్వాత ఉదాహరణ: ఇరవై కిలోల బుట్ట పద్దెనిమిదే తూగితే, కిలో నలభై చొప్పున ఎనభై రూపాయలు పోయినట్టే. చివరికి, "కాబట్టి కాటా మార్చాలి". అభిప్రాయం, కారణం, ఉదాహరణ, ముగింపు. కొట్టేసిన వాక్యాన్ని పూర్తిగా చెరపకండి, గీత గీసి వదిలేయండి. పిల్లలు నేర్చుకునేది ఆ గీత దగ్గరే.

తర్వాత పాతిక నిమిషాలు వేరే విషయం: ఊరికి రోడ్డు ముందా, సెల్ టవర్ ముందా? ఈసారి చాక్‌పీసు నాదే, మాటలు వాళ్ళవి. ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, ఇద్దరు చురుకైనవాళ్ళే అంతా చెప్పేస్తారు. అందుకే ప్రతి వాక్యానికి ముందు పక్కవాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడుకోమని, తర్వాత నేనే పేరు పిలుస్తా. ఇంటి భాషలో చెప్పినా పర్వాలేదు, తెలుగులోకి అందరం కలిసి తెస్తాం. "పురిటి నొప్పులొస్తే డోలీ కట్టాలి" అని ఒకమ్మాయి అంటే, "దానివల్ల ఏమవుతుంది?" అని అడిగా. "ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైపోతుంది" అంది. అదే మా కారణం వాక్యం అయింది.

ఇప్పుడు బోర్డు మీద వాక్యాలు చెరిపేసి ఆ నాలుగు మాటలే ఉంచాలి. లేకపోతే వెనక బెంచీ వాళ్ళు చూసి దించుతారు. మూడో విషయం ఇచ్చి ఇరవై నిమిషాలు ఒంటరిగా రాయిస్తా: హాస్టల్లో ఫోన్ ఉండాలా, వద్దా?

ఆ తర్వాత పదిహేను నిమిషాలు పుస్తకాలు మార్చుకోవడం. మొదటిసారి "చూసి చెప్పండి" అని వదిలేశా. సగంమంది "బాగుంది" అని రాశారు, మిగతావాళ్ళు ఒత్తులు, దీర్ఘాల తప్పులకే సున్నాలు చుట్టారు. ఒక తమ్ముడు పుస్తకం మూసేసి ఆ రోజు మళ్ళీ తెరవలేదు. ఇప్పుడు మూడు పనులే. అభిప్రాయం ఉన్న వాక్యం కింద గీత గీయాలి. "ఎలా తెలుసు?" అనిపించిన చోట ప్రశ్న గుర్తు పెట్టాలి. చివర ఒక్క ప్రశ్న రాయాలి. అక్షర దోషాలు ముట్టుకోకూడదు.

"ఫోన్ వల్ల చదువు పాడవుతుంది" అని రాసిన చెల్లి పుస్తకంలో, "మీ రూంలో ఎవరికి ఎలా పాడైంది?" అని పక్కమ్మాయి అడిగింది. చివరి పది నిమిషాల్లో ఆ చెల్లి వాక్యం మార్చింది: "రాత్రి పన్నెండు దాకా వీడియోలు చూసి, పొద్దున స్టడీ అవర్లో నిద్రపోతున్నాం." ఆ వాక్యం ఏ గైడులోనూ ఉండదు. పుస్తకాలు తిరిగొచ్చాక కనీసం ఒక్క వాక్యమైనా మారిందా అని చూడండి. ఎవరిదీ మారకపోతే ప్రశ్నలు సరిగా లేవని అర్థం, వచ్చేవారం ప్రశ్న అడగడం ఎలాగో కూడా బోర్డు మీద చూపించాలి.

ఒక్క క్లాసుతో వ్యాసం రాదు. ప్రారంభం, ఎదుటివాళ్ళ వాదనకి జవాబు, ముగింపు, వీటికి తలా ఒక ఆదివారం కావాలి. పిల్లల ముందు తప్పు రాసి కొట్టేయడానికి మనకి సిగ్గేస్తుంది, నాకూ వేసింది. జిరాక్స్ ఇవ్వడం సులువు అనిపించేది అందుకే. ఈ ఆదివారం ఒక్క పేరా రాసి చూపించండి, ఏమైందో ఇక్కడ చెప్పండి.