శాతం చూపించి దొంగ అంటే ఎట్లా?

ఈ భాగం చదువుకునే పిల్లల కోసం. వాళ్ల మీద సంతకాలు పెట్టే మాలాంటి అధ్యాపకుల కోసం కూడా.

తెలుగులో రాసిన ప్రాజెక్టును ఏఐ డిటెక్టర్‌లో వేసి, తెర మీద వచ్చిన శాతం చూపించి "ఇది నువ్వు రాయలేదు" అనే అలవాటు కాలేజీల్లోకి వచ్చింది. ఆ అనుమానం ముందు ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. వాడ నుంచి మొదటిసారి డిగ్రీకి వచ్చిన పిల్ల నాలుగు పేజీలు చక్కగా రాస్తే "వీళ్లకింత రాత ఎక్కడిది?" అనే ప్రశ్న డిటెక్టర్ పుట్టకముందు నుంచే ఉంది. ఇప్పుడు ఆ ప్రశ్నకు ఒక అంకె దొరికింది. అంతే తేడా. కాబట్టి ఆ అంకె ఎట్లా పుడుతుందో చూద్దాం.

చాలా డిటెక్టర్లు చేసే పని ఊహించడం. ఇంతవరకు చదివిన దాన్నిబట్టి తర్వాతి ముక్క ఏమిటో మోడల్ ఊహిస్తుంది. ఊహ తేలిగ్గా నిజమవుతూ పోతే "మిషన్ రాత" అంటుంది. తరచూ తప్పితే "మనిషి రాత" అంటుంది. ఈ తడబాటు సగటు నుంచి లెక్కించే అంకెనే పర్‌ప్లెక్సిటీ అంటారు. ఎంత తక్కువైతే మిషన్ రాత అనే గీత ఎక్కడ గీయాలో నిర్ణయించింది ఎక్కువగా ఇంగ్లీషు వ్యాసాలు చూసి.

అసలు చిక్కు "ముక్క" అనే మాటలో ఉంది. మోడల్ మనలా పదాలు చదవదు, టోకెన్లు చదువుతుంది. తొలితరం డిటెక్టర్లు చాలావరకు ఆనుకున్న జీపీటీ-2 దగ్గర 50,257 టోకెన్లున్నాయి. వాటిని ఏరింది ప్రధానంగా ఇంగ్లీషు వెబ్‌పేజీల నుంచి. మామూలు ఇంగ్లీషు మాట అక్కడ చాలాసార్లు ఒకే ముక్క. తెలుగు మాటకు అందులో చోటు లేదు గనుక అది బైట్ల దాకా విరిగిపోతుంది. కంప్యూటర్‌లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. "మాదిగ" అనే మాటనే తీసుకోండి. మ, దీర్ఘం, ద, గుడి, గ: అయిదు గుర్తులు, పదిహేను బైట్లు.

```
మ  E0 B0 AE
ా  E0 B0 BE
ద  E0 B0 A6
ి  E0 B0 BF
గ  E0 B0 97
```

బైట్లలో మొదటి రెండు నిలువు వరుసలూ చూడండి. పదిహేనులో పది బైట్లు ఒకటే పాట. అవి ప్రధానంగా "ఇది తెలుగు" అని చెబుతాయి. ఈ మాటలో ఏ అక్షరమో చెప్పేది చివరి బైటు ఒక్కటే. తెలుగు మొదలైందని తెలిశాక ఆ పదింటినీ ఊహించడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు.

లెక్క వేసి చూపిస్తాను. ఒక్కో గుర్తు దగ్గర మోడల్‌కు 32 సమానమైన దారులున్నాయనుకుందాం, అంటే 5 బిట్ల తడబాటు. గుర్తును ఒకే ముక్కగా లెక్కిస్తే పర్‌ప్లెక్సిటీ 32. మూడు ముక్కలు చేస్తే మొదటి రెండింటి దగ్గర తడబాటు తక్కువ, మిగతాదంతా మూడోదాని దగ్గర, మొత్తం మాత్రం అదే 5. సగటు 1.67 బిట్లు, పర్‌ప్లెక్సిటీ సుమారు 3. రాసిన మనిషి మారలేదు, మాట మారలేదు. కోసిన తీరు మారింది, 32 కాస్తా 3 అయింది. ఇంగ్లీషు కోసం గీసిన గీత పక్కన పెడితే ఆ 3 "మిషన్ రాత" అయిపోతుంది.

ఇంకో రకం డిటెక్టర్లు రెండు రకాల రాతల నమూనాలు చూసి నేర్చుకుంటాయి. 2019లో ఓపెన్‌ఏఐ విడుదల చేసినది అలాంటిదే. అది ఒకసారికి 512 టోకెన్లే చదవగలదు. ఇంగ్లీషులో అది పేజీకి దగ్గరగా ఉంటుంది. ఇట్లా విరిగిన తెలుగులో రెండు మూడు వాక్యాలకే నిండిపోతుంది. నాలుగు పేజీల ప్రాజెక్టు మీద తీర్పు, చదివింది మాత్రం మొదటి పేరా.

"ఇప్పుడు టోకెనైజర్లు బాగుపడ్డాయి కదా" అంటారు. నిజమే. 2024లో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు, అదివరకు 159 టోకెన్లు పట్టిన తెలుగు నమూనా 45కు తగ్గిందని ఓపెన్‌ఏఐ చూపించింది. అదే నమూనా ఇంగ్లీషులో 27 నుంచి 24కు తగ్గింది. అంటే కొత్త కత్తితో కోసినా మనవి దాదాపు రెట్టింపు ముక్కలు. పైగా గీత తెలుగు రాతల మీద గీశారా లేదా అన్న ప్రశ్న అట్లాగే ఉంది. అదే కంపెనీ 2023 జనవరిలో తెచ్చిన డిటెక్టర్‌ను ఇంగ్లీషుకే వాడమని తానే చెప్పింది. కచ్చితత్వం తక్కువని జూలైలో దాన్నీ తీసేసింది. తయారుచేసినవాళ్లకే లేని నమ్మకం మన స్టాఫ్ రూముల్లో ఎక్కడి నుంచి వచ్చింది?

శాతం చూపించేవాళ్లను రెండు పనులు చేయమని అడగండి. ఒకటి, ఈ టూల్స్ రాకముందు, పదేళ్ల కిందట విద్యార్థులు చేత్తో రాసిన ప్రాజెక్టులు ఇరవై తీసి, టైపు చేసి అందులో వేయమనండి. వాటిలో ఎన్నింటిని మిషన్ రాత అంటుందో అదే ఆ టూల్ తప్పుల లెక్క. రెండు, అదే పేరాను ఇంగ్లీషు అక్షరాల్లో మార్చి మళ్లీ వేయమనండి. శాతం గట్టిగా మారితే అది కొలిచింది రాసినవాళ్లను కాదు, లిపిని.

అనుమానం ఉంటే పిల్లను కూర్చోబెట్టి తన రాత గురించి అడగండి, చిత్తుప్రతి చూడండి. కానీ ఇంటిపేరు చూడకుండా అందరినీ అడగండి. తెలుగును తూచడం రాని తక్కెడతో తూచి మా పిల్లలను దొంగలంటే ఒప్పుకోం.

జై భీమ్.